ట్యూషన్‌కు పోతే మార్కులు పెరుగుతాయా? ఫ్లెక్సీ చెప్పేది ఒకటి, లెక్క చెప్పేది ఒకటి

వేములవాడ: పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులు మా దగ్గర రోడ్ల మీద ఫ్లెక్సీలకు కొదవ ఉండదు. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఎక్కడ చూసినా ఇదే తంతు. వరుసగా పిల్లల ఫొటోలు, ఫొటో కింద మార్కులు, పైన పెద్ద అక్షరాలతో ట్యూషన్ పేరు. చూసినోళ్ళకు అర్థమయ్యే మాట ఒక్కటే. ఇక్కడికి వచ్చినోళ్ళకు మార్కులు వచ్చినయ్, మీ పిల్లలను కూడా పంపండి.

ఈ మాట నమ్మి అప్పు చేసేవాళ్ళు ఉన్నారు. బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఒక తల్లి నాతో అన్నది ఇది: "ట్యూషన్ పోయినోళ్ళకే మంచి మార్కులు వచ్చినయ్ భాయ్, కనబడుతనే ఉన్నది కదా. మా చిన్నోన్ని ఈసారి అప్పు చేసైనా పంపుత." ఆమె అన్నదాంట్లో మొదటి సగం నిజమే, మా గల్లీలో చూసినా అట్లనే కనబడుతుంది. చిక్కంతా రెండో సగంలో ఉన్నది. ట్యూషన్ పోయినోళ్ళకు మార్కులు ఎక్కువ వచ్చినయ్ అనేది ఒక సంగతి. ట్యూషన్ వల్ల మార్కులు ఎక్కువ వచ్చినయ్ అనేది వేరే సంగతి. బీకాంలో స్టాటిస్టిక్స్ చదివినోళ్ళకు మొదటిదాని పేరు కొరిలేషన్ అని, రెండోదాని పేరు కాజేషన్ అని గుర్తుంటుంది. రెండు వస్తువులు కలిసి నడవడం కొరిలేషన్. ఒకటి ఇంకోదాన్ని నడిపించడం కాజేషన్.

ఈ తేడా మీద ఇప్పుడు పైసలు కూడా ఆధారపడి ఉన్నాయి. పేద పిల్లల ట్యూషన్ ఫీజు జకాత్ పైసలతో కడితే ఎట్లుంటది అన్న మాట మా దగ్గర పెద్దల మధ్య నడుస్తున్నది. ఆలోచన మంచిదే. కానీ ఆ పైసలు పెడితే నిజంగా ఎన్ని మార్కులు పెరుగుతాయి, ఎవరికి పెరుగుతాయి అన్నది ఫ్లెక్సీ చూసి తేల్చలేము. అది ఎందుకో, మరి ఎట్లా తేల్చాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు ఫ్లెక్సీ సంగతి

"మా దగ్గర వంద శాతం పాస్" అనే మాటతో మొదలుపెడదాం. 2024 పదో తరగతి పరీక్షల్లో రాష్ట్రం మొత్తం మీద 91.31 శాతం మంది పాసయ్యారు. రాజన్న సిరిసిల్ల జిల్లాలో పాసైనవాళ్ళు 98.27 శాతం. అంటే జిల్లాలో ఏ వంద మంది పిల్లలను తీసుకున్నా సుమారు 98 మంది పాస్. ట్యూషన్ పోయినోళ్ళు, పోనోళ్ళు, ఇంట్లో కరెంటు పోతే చదువు ఆపినోళ్ళు అందరూ అందులో ఉన్నారు. ముప్పై మంది పిల్లలున్న ట్యూషన్‌లో ముప్పై మందీ పాసైతే అందులో వింత ఏమీ లేదు. కాబట్టి పాస్ శాతం ట్యూషన్ గురించి మనకు పెద్దగా ఏం చెప్పదు. మార్కుల సగటు చూడాలె.

సగటు చూస్తే నిజంగానే తేడా కనబడుతుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ఒక చిన్న లెక్క చేయాలి. కింది అంకెలు నేను లెక్క కోసం అనుకున్నవి, ఏ బడివీ కావు. కాయితం మీద మీరు కూడా చేసి చూసుకోవచ్చు.

రెండు వందల మంది పిల్లల లెక్క

ఒక ఊర్లో పదో తరగతి చదివే పిల్లలు 200 మంది ఉన్నారనుకుందాం. అందులో 100 మంది ట్యూషన్ పోయారు, 100 మంది పోలేదు. మ్యాథ్స్‌లో వందకు సగటు మార్కులు చూస్తే ట్యూషన్ పోయినోళ్ళకు 69.2, పోనోళ్ళకు 52.8. తేడా 16.4 మార్కులు. ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు ఇదే 200 మందిని ఇంకో తీరుగా విడదీద్దాం. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు పదో తరగతి పాసైన ఇండ్ల పిల్లలు 100 మంది, ఇద్దరూ పది దాటని ఇండ్ల పిల్లలు 100 మంది ఉన్నారనుకుందాం. చదువుకున్న ఇండ్ల నుంచి ట్యూషన్‌కు పోయినోళ్ళు 80 మంది, పోనోళ్ళు 20 మంది. రెండో రకం ఇండ్ల నుంచి పోయినోళ్ళు 20 మందే, పోనోళ్ళు 80 మంది. మన దగ్గర కూడా దాదాపు ఇట్లనే ఉంటుంది, ఎందుకంటే ఫీజు కట్టాలె, సాయంత్రం పిల్లలతో ఇంటి పని చేయించకుండా వదలాలె.

చదువుకున్న ఇండ్ల పిల్లల్లో ట్యూషన్ పోయినోళ్ళ సగటు 74, పోనోళ్ళ సగటు 72. రెండో రకం ఇండ్లల్లో పోయినోళ్ళకు 50, పోనోళ్ళకు 48. ఏ ఇండ్లు తీసుకున్నా ట్యూషన్ వల్ల వచ్చిన తేడా 2 మార్కులే.

మరి 16.4 ఎక్కడి నుంచి వచ్చింది? ట్యూషన్ గుంపులో 80 మందికి 74, 20 మందికి 50. అన్నీ కలిపి వందతో భాగిస్తే 69.2. పోనోళ్ళ గుంపులో 20 మందికి 72, 80 మందికి 48. కలిపి భాగిస్తే 52.8. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఒక గుంపు నిండా చదువుకున్న ఇండ్ల పిల్లలు, ఇంకో గుంపు నిండా చదువులేని ఇండ్ల పిల్లలు. మనం ట్యూషన్‌ను ట్యూషన్‌తో పోల్చినం అనుకున్నాం. అసలు పోల్చింది ఇంటిని ఇంటితో.

పోనోళ్ళ గుంపులో కూడా 80 మంది చదువుకున్న ఇండ్ల పిల్లలు, 20 మంది రెండో రకం ఉండి ఉంటే వాళ్ళ సగటు ఎంత వచ్చేది? 80 మందికి 72, 20 మందికి 48 వేస్తే 67.2. ట్యూషన్ గుంపు 69.2తో పోలిస్తే తేడా 2. అంటే 16.4లో 14.4 మార్కులు ఇంటివి, 2 మార్కులే ట్యూషన్‌వి.

ఇక్కడ తల్లిదండ్రుల చదువు అనేది అటు ట్యూషన్‌కు పంపడాన్నీ, ఇటు మార్కులనూ రెండింటినీ ముట్టుకుంటున్నది. ఇట్లాంటి మూడో సంగతినే కన్ఫౌండింగ్ వేరియబుల్ అంటారు. రెండు గుర్తులు మరువకండి. ఒకటి, అది ట్యూషన్‌కు ఎవరు పోతారో నిర్ణయించాలె. రెండు, ట్యూషన్ లేకున్నా మార్కుల మీద దాని ప్రభావం ఉండాలె. ఒక్కటే గుర్తు ఉంటే అది ఈ గోల్‌మాల్ చేయలేదు. ఉదాహరణకు ఇల్లు ట్యూషన్ సెంటర్‌కు దగ్గరుండడం వల్ల ఎక్కువ మంది పోవచ్చు, కానీ ఆ గల్లీలో ఉన్నంత మాత్రాన మార్కులు పెరగవు.

మన ప్రాంతంలో ఇట్లాంటివి వెతకాల్సిన పని లేదు. నాన్న గల్ఫ్‌లో ఉండి నెలనెలా పైసలు పంపుతున్న ఇల్లు, సాంచాల మీద పని దొరికితేనే పొయ్యి వెలిగే ఇల్లు, తల్లితో పాటు కూర్చొని పిల్ల కూడా తునికాకు కత్తిరించే ఇల్లు. ఈ మూడు ఇండ్ల పిల్లలకు సాయంత్రం దొరికే టైం ఒకటి కాదు. ఆ టైమే ట్యూషన్‌నూ నిర్ణయిస్తుంది, మార్కులనూ నిర్ణయిస్తుంది.

లెక్క ఉల్టా కూడా అవుతుంది

ఇది చదివి ట్యూషన్ అంటేనే దండగ అనుకుంటే అదీ తప్పే. మూడో సంగతి తేడాను పెంచి చూపడమే కాదు, దాచిపెట్టగలదు కూడా.

ఇంకో ఊర్లో ఫీజుతో ఇబ్బంది లేదనుకుందాం, చదువులో వెనుకబడిన పిల్లలనే తల్లిదండ్రులు ట్యూషన్‌కు పంపుతారు. తొమ్మిదో తరగతిలో బాగా చదివిన 100 మందిలో 20 మందే ట్యూషన్‌కు పోయారు. వాళ్ళ సగటు 76, పోని 80 మంది సగటు 72. వెనుకబడిన 100 మందిలో 70 మంది పోయారు, వాళ్ళకు 50. పోని 30 మందికి 44. రెండు గుంపుల్లోనూ ట్యూషన్ మేలే చేసింది, ఒక దగ్గర 4 మార్కులు, ఇంకో దగ్గర 6. కానీ అందరినీ కలిపి సగటు తీస్తే ట్యూషన్ పోయినోళ్ళకు 55.8, పోనోళ్ళకు 64.4. పైపైన చూసినోడు ట్యూషన్ పోతే మార్కులు తగ్గుతాయి అని రాస్తాడు.

దేశం లెక్కల్లోనూ ఇట్లాంటి తొందరపాటుకు జాగ ఉంది. ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే ప్రకారం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్లో పైసలు కట్టి ట్యూషన్‌కు పోయేవాళ్ళు 2018లో 26.4 శాతం, 2022లో 30.5 శాతం. బిహార్, పశ్చిమ బెంగాల్‌లో 2022లో 70 శాతం దాటారు. అంత మంది ట్యూషన్‌కు పోయినా బిహార్ పిల్లలు చదవడంలో దేశంలో అందరికంటే ముందు లేరు. దీన్ని బట్టి ట్యూషన్ పనికిరాదు అనలేము. బడిలో చదువు సరిగ్గా సాగని చోటనే జనం ట్యూషన్ వెంట ఎక్కువ పడుతుండవచ్చు.

అందుకే ఏ అంకె చూసినా మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ పిల్లలు ట్యూషన్‌కు పోవాలని ఎవరు నిర్ణయించారు, దేన్ని చూసి నిర్ణయించారు?

విడదీసి చూస్తే సరిపోతుందా?

తల్లిదండ్రుల చదువు, తొమ్మిదో తరగతి మార్కులు, ఇంటి ఆదాయం ఇట్లా ఒక్కొక్కటి తీసుకొని ఒకే రకం పిల్లలను ఒకే రకం పిల్లలతో పోల్చడం మంచి పద్ధతే. పైన మనం చేసింది అదే. ఇందులో తొమ్మిదో తరగతి మార్కులు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే ఇంటి ప్రభావం చాలా వరకు అప్పటికే ఆ మార్కుల్లో చేరి ఉంటుంది.

కానీ దీనికి ఒక హద్దు ఉంది. మన దగ్గర రాసి ఉన్నదాన్నే విడదీయగలం. ఒకే రకం ఆదాయం, ఒకే రకం చదువు ఉన్న రెండు ఇండ్లు తీసుకోండి. ఒక ఇంట్లో అమ్మీ ఫజర్‌కే లేపి పిల్లను పుస్తకం ముందు కూర్చోబెడుతుంది, అదే అమ్మీ ట్యూషన్ కావాలని పట్టుబడుతుంది. ఆ పట్టుదల ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. మార్కులు దానివా, ట్యూషన్‌వా అని ఎంత విడదీసినా తేలదు.

దీనికి ఉన్న గట్టి మందు ఒక్కటే. ట్యూషన్ ఎవరికి దొరకాలో ఇంటివాళ్ళు కాకుండా చిట్టీ నిర్ణయించాలె. హజ్ దరఖాస్తులు ఎక్కువ వచ్చినప్పుడు ఖురా తీస్తారు కదా, అట్లా. చిట్టీకి అమ్మీ పట్టుదల తెలియదు, నాన్న గల్ఫ్‌లో ఉన్నాడో సాంచాల మీద ఉన్నాడో తెలియదు. ఎక్కువ మందికి ఖురా తీస్తే రెండు వైపులా అన్ని రకాల ఇండ్లు దాదాపు సమానంగా పడతాయి, మనం రాసుకోనివి కూడా. అప్పుడు మిగిలిన తేడా ట్యూషన్‌దే.

నాగర్‌కర్నూల్‌లో తీసిన ఖురా

ఇది మన తెలంగాణ గడ్డ మీదనే జరిగింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా నాగర్‌కర్నూల్ డివిజన్‌లో 214 ఊర్లను ఖురా తీసినట్టే రెండుగా విడదీశారు. 107 ఊర్లలో సర్కారు బడుల్లో రెండు, మూడు, నాలుగో తరగతి చదివే పిల్లలకు బడి చదువుకు తోడు అదనంగా పాఠాలు చెప్పించారు, చదువు సామాన్లు ఇచ్చారు. మిగతా 107 ఊర్లలో ఆ పాఠాలు లేవు. పని నడిపింది నాంది ఫౌండేషన్. ఈ ప్రయోగం పేరు స్ట్రైప్స్, ఫలితాలు 2013లో అచ్చయ్యాయి.

చివర్లో తెలుగు, లెక్కలు కలిపి అందరికీ ఒకే పరీక్ష పెట్టారు. అదనపు పాఠాలు నడిచిన ఊర్ల పిల్లలకు వందకు 15.8 మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆ 107 ఊర్లలో 54 ఊర్లకు మళ్ళీ ఖురా తీసి ఆడపిల్లలకు అదనంగా ఒక కిట్ ఇచ్చారు. దానివల్ల మార్కుల్లో తేడా రాలేదు.

పైన మన లెక్కలో వచ్చిన తేడా 16.4, ఇక్కడ వచ్చింది 15.8. అంకెలు అన్నదమ్ముల్లా ఉన్నాయి. కానీ మొదటిదాంట్లో పంపాలా వద్దా అన్నది ఇల్లు నిర్ణయించింది, రెండోదాంట్లో చిట్టీ నిర్ణయించింది. అందుకే మొదటి అంకె విడదీస్తే 2కు పడిపోయింది, రెండోది నమ్మదగ్గ అంకె. తేడా ఎంత పెద్దగుంది అని కాదు, ఎట్లా పుట్టింది అని చూడాలె.

అదే ఉమ్మడి రాష్ట్రంలో ఇంకో ఖురా ఉల్టా ఫలితం చూపింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 5 జిల్లాల్లోని 180 ఊర్లలో చేసిన అధ్యయనం అది. ప్రైవేటు బడి పిల్లల మార్కులు సర్కారు బడి పిల్లల కంటే చాలా ఎక్కువ ఉంటాయని అందరికీ తెలుసు. సర్కారు బడి పిల్లల్లో దరఖాస్తు చేసినవాళ్ళకు ఖురా తీసి, పేరు వచ్చినవాళ్ళకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. రెండేండ్ల తర్వాత, నాలుగేండ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో, ఇంగ్లీషులో, సైన్స్-సోషల్‌లో ఖురాలో పేరు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ తేడా లేదు. హిందీలో మాత్రం పేరు వచ్చినవాళ్ళు ముందున్నారు. అంటే మనకు రోజూ కనబడే ఆ పెద్ద తేడాలో ఎక్కువ భాగం బడిది కాదు, ఇంటిది. ప్రైవేటు బడులు తెలుగు, లెక్కలకు తక్కువ టైం ఇచ్చి, మూడో వంతు కంటే తక్కువ ఖర్చుతో అదే ఫలితం తెచ్చాయని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. కాబట్టి ఆ బడులు పనికిరావని కాదు. 2015లో ఇది అచ్చయింది.

రెండు ఖురాలు, రెండు జవాబులు. ఒకదాంట్లో కారణం నిలబడింది, ఇంకోదాంట్లో కరిగిపోయింది. కొరిలేషన్ చూసి ఏది నిలబడుతుందో, ఏది కరుగుతుందో ముందే చెప్పడం ఎవరి తరం కాదు. నాగర్‌కర్నూల్ లెక్కను కూడా మన పదో తరగతికి ఉన్నదున్నట్టు అతికించలేము. అది చిన్న తరగతుల పిల్లలకు, వెనుకబడిన చదువును పూడ్చే పాఠాలకు సంబంధించింది. గైడ్ బట్టీ పట్టించే ట్యూషన్‌కు అదే ఫలితం వస్తుందని దాంట్లో ఎక్కడా లేదు.

మన జకాత్ పైసలకు ఈ లెక్క

పైసలు పెట్టాలనుకునే పెద్దలు నాలుగు పనులు చేస్తే ఏడాది తిరిగేసరికి నిజం చేతికొస్తుంది.

ఒకటి, ట్యూషన్ షురూ కాకముందే దరఖాస్తు చేసిన ప్రతి పిల్లవాడి తొమ్మిదో తరగతి మార్కులు, తల్లిదండ్రుల చదువు, ఇంటి పని రాసి పెట్టుకోవాలె. ఫలితాలు వచ్చినంక అడిగితే లాభం లేదు.

రెండు, అనాథ పిల్లల వంటి అందరికంటే అవసరమున్నవాళ్ళకు నేరుగా ఇచ్చేయాలె, అక్కడ ఖురా పేరు ఎత్తవద్దు. మిగతా సమాన అవసరమున్నవాళ్ళు 80 మంది ఉండి పైసలు 40 మందికే సరిపోతే, అప్పుడు ఖురా తీయాలె. సిఫారసు ఉన్నోనికి ఇచ్చే కంటే ఇదే ఇన్సాఫ్. పైసలు అందరికీ సరిపోతే ఎవరినీ ఆపే పని లేదు.

మూడు, ఖురాలో పేరు వచ్చి నడుమ మానేసిన పిల్లలను కూడా చివర్లో ట్యూషన్ గుంపులోనే లెక్కపెట్టాలె. చివరిదాకా ఉన్నోళ్ళనే లెక్కపెడితే కష్టపడేవాళ్ళే మిగులుతారు, మళ్ళీ ఫ్లెక్సీ లెక్కే అవుతుంది. సంక్రాంతి తర్వాత రావడం మానేసిన పిల్లల ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా ఉండదన్నది గమనించండి.

నాలుగు, చిన్న తేడాకు సంబరపడవద్దు. పిల్లల మార్కులు సగటుకు అటూ ఇటూ 15 దాకా చెదిరి ఉంటాయనుకుంటే, 40 మందిని 40 మందితో పోల్చినప్పుడు 6, 7 మార్కుల తేడా ఒట్టి అదృష్టంతోనే రావచ్చు. 20 మందితో 20 మందిని పోలిస్తే 9 మార్కులు కూడా అట్లనే రావచ్చు. రెండు మూడేండ్ల లెక్క కలిపితే, లేదా వేములవాడ, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పెద్దలు ఒకే పద్ధతిలో చేసి లెక్కలు కలుపుకుంటే భరోసా పెరుగుతుంది.

ఇక అప్పు చేస్తానన్న ఆ తల్లి సంగతి. ట్యూషన్ వద్దు ఆపా అని నేను చెప్పలేదు, చెప్పే లెక్క నా దగ్గర లేదు. ఒక్క మాట మాత్రం చెప్పిన. ఫీజు కట్టే ముందు ట్యూషన్ సార్‌ను మీ టాపర్ ఎవరు అని అడగకండి. మా వాని లెక్క తొమ్మిదిలో నలభై మార్కులు తెచ్చుకున్న పిల్లలు పోయినేడు మీ దగ్గర ఎంత మంది చేరిండ్రు, నడుమ ఎంత మంది మానేసిండ్రు, అందరికీ కలిపి పదిలో ఎన్ని వచ్చినయ్ అని అడగండి. ఆ లెక్క రాసి పెట్టుకున్న సార్ దొరికితే మిగతా మాట అతనితో మాట్లాడొచ్చు. ఆమె నవ్వి, "అట్ల అడుగుతే చేర్చుకుంటరా భాయ్?" అన్నది. చేర్చుకుంటారో లేదో కానీ, వాళ్ళు ఇచ్చే జవాబు ఫ్లెక్సీ కంటే ఎక్కువే చెబుతుంది.